చిత్తు నోట్సులోని వాక్యాలను ఎంఎస్‌ఈ శీర్షికల కిందికి ఎలా సర్దాలి?

ప్రశ్న: సైకియాట్రీ పోస్టింగులో ఉన్నాను. పేషెంటుతో మాట్లాడుతూ రెండు మూడు పేజీలు రాసుకుంటాను. తర్వాత మానసిక స్థితి పరీక్ష, అదే ఎంఎస్‌ఈ, రాయడానికి కూర్చుంటే ఏ వాక్యం ఏ శీర్షిక కిందికి వెళ్లాలో తేలడం లేదు. నేను రాసింది హిస్టరీలాగే ఉందని మా మేడం అంటున్నారు. అనుభవం ఉన్నవారు ఎలా రాస్తారో చెప్పగలరా?

జవాబు:

మీ మేడం సరైన చోటే వేలు పెట్టారు. ఆ మనిషి ఎదురుగా మీరు కూర్చున్న అరగంటలోనో గంటలోనో మీకు కనిపించినదీ, ఆయన నోట విన్నదీ ఎంఎస్‌ఈ. మొన్న రాత్రి ఇంట్లో ఏం జరిగిందో అది హిస్టరీ. అందుకే నేను శీర్షికల జోలికి వెళ్లే ముందు నోట్సులో ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం వేస్తాను. పేషెంటు మాటకు ‘మా’, నేను చూసినదానికి ‘చూ’, ఇంటివాళ్లు చెప్పినదానికి ‘ఇం’. ‘ఇం’ పడ్డవన్నీ హిస్టరీలోకి వెళ్లిపోతాయి. మిగిలినవి సర్దడం అంత కష్టం కాదు.

నేను గోదావరి జిల్లాల్లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. భీమవరం వైపు రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్న నలభై ఏళ్ల రైతు. నా చిత్తు నోట్సు ఇలా ఉంది:

“గడ్డం పెరిగింది, చొక్కా బొత్తాలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. మాటిమాటికీ తలుపు వైపు చూపు. గొంతు చిన్నగా, ఆగి ఆగి జవాబు. గుండె మీద బండ పెట్టినట్టుందట. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు తిరుగుతుంటే పక్క చెరువువాళ్లు తన గురించి మాట్లాడుకోవడం వినబడుతుందట. నీళ్లలో మందు కలిపారట. భార్య: రాత్రంతా గట్టు మీద తిరుగుతున్నాడు, తనలో తానే మాట్లాడుకుంటున్నాడు. కూతురి మాట వస్తే కాస్త నవ్వాడు. జబ్బేమీ లేదు, నిద్రకు మాత్ర ఇవ్వండి అన్నాడు.”

గడ్డం, బొత్తాలు, తలుపు వైపు చూపు రూపం, ప్రవర్తన కిందికి వస్తాయి. అక్కడ ‘అశ్రద్ధగా ఉన్నాడు’ అని తీర్పు రాయకుండా కనిపించింది రాయండి. చెరువు గట్టు నుంచి నేరుగా వచ్చిన మనిషి కాళ్లకు బురద ఉండటం ఇక్కడ మామూలే, దాన్ని లక్షణంగా లెక్కవేయకూడదు. చిన్న గొంతు, ఆలస్యంగా వచ్చే జవాబు మాట తీరులోకి వెళ్తాయి. ఆ శీర్షిక కింద స్థాయి, వేగం, జవాబుకు పట్టిన సమయం ఉండాలి. ఏం మాట్లాడాడన్నది అక్కడ రాయకూడదు, దాని చోటు ఆలోచనలో ఉంది.

మూడ్, అఫెక్ట్ దగ్గర విద్యార్థులు రెండింటికీ ‘డిప్రెస్డ్’ అని రాసేసి ముందుకు వెళ్లిపోతారు. మూడ్ ఆయన చెప్పుకున్నది, అఫెక్ట్ నేను చూసినది. కాబట్టి మూడ్ కింద ‘గుండె మీద బండ పెట్టినట్టుంది’ అనే ఆయన మాటనే తెలుగు లిపిలో రాస్తాను, మిగతా కేసు షీటంతా ఇంగ్లిషులో ఉన్నా సరే. శిక్షణలో ఉన్నప్పుడు ఇలాంటి మాటనే నేను ‘ఛాతీలో బరువు’ అని ఇంగ్లిషులోకి మార్చి రాశాను. తర్వాతి డ్యూటీ డాక్టరు అది గుండె ఫిర్యాదనుకుని ఈసీజీ తీయించారు. నొప్పి ఒంట్లోనా, దిగులా అని అడిగి తేల్చుకోవలసిన పని నాది, అది నేను చేయలేదు. అప్పటి నుంచి మూడ్‌ను అనువదించడం మానేశాను. ఇక అఫెక్ట్ కింద: ముఖం ఎక్కువసేపు దిగులుగానే ఉంది, భావాల విస్తృతి తగ్గింది, అయినా కూతురి ప్రస్తావనకు స్పందించాడు, చెప్పిన మూడ్‌కూ ముఖానికీ పొంతన ఉంది. ఆ చిన్న నవ్వును వదిలేస్తే అఫెక్ట్ పూర్తిగా మొద్దుబారిందని చదివేవాళ్లు పొరబడతారు.

ఈ కేసులో అసలు చిక్కు ఏరియేటర్ వాక్యం దగ్గర వచ్చింది. ‘మోటారు తిరుగుతుంటే మాటలు వినబడతాయి’ అన్నంత మాత్రాన అది ఏ రకమో తేలదు. మోటారు మోతే మాటల్లా తోస్తే అది ఇల్యూజన్. మోత మోతగానే వినబడుతూ, దానితోపాటు మాటలు వేరుగా వినబడుతూ, మోటారు ఆపగానే ఆగిపోతే ఫంక్షనల్ హాలూసినేషన్. మోటారు ఆపినా వినబడుతుంటే మామూలు శ్రవణ హాలూసినేషన్. నా నోట్సులో ఈ తేడా చెప్పే వాక్యం లేదు. అందుకని ఊహించి రాయకుండా మళ్లీ వెళ్లి అడిగాను. “మోత మోతేనండి, మాటలు మాటలేనండి. కరెంటు పోతే రెండూ ఆగిపోతాయి” అన్నాడు. గ్రహణం, అంటే పర్సెప్షన్ శీర్షిక కింద ఆ మాటను ఉన్నదున్నట్టుగా రాసి, ఆ తర్వాతే పేరు పెట్టాను. ఆ గొంతులు ఆయన్ని ఉద్దేశించి మాట్లాడతాయా, ఆయన గురించి తమలో తాము మాట్లాడుకుంటాయా, ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తాయా, చివరిసారి ఎప్పుడు వినబడ్డాయి అన్నవి కూడా ఆ కిందే ఉండాలి. భార్య చెప్పిన ‘తనలో తానే మాట్లాడుకుంటున్నాడు’ మాత్రం హిస్టరీలోనే ఉండిపోయింది. నా ఎదుట ఆయన అలా చేయలేదు.

నీళ్లలో మందు సంగతి ఆలోచనలోని విషయం కిందికి వస్తుంది. దాన్ని డెల్యూజన్ అని రాసే ముందు ఎంత గట్టిగా నమ్ముతున్నాడో చూడాలి. మన ప్రాంతంలో చెరువుల మీద కక్షలు లేకపోలేదు, వైట్ స్పాట్ వైరస్ వస్తే కొద్ది రోజుల్లోనే పంట పోవడమూ తెలిసిందే. “వైరస్ వల్ల అయ్యుండొచ్చా?” అని అడిగాను. రొయ్యలన్నీ బాగానే ఉన్నాయి, చచ్చినది ఒక్కటీ లేదు, అయినా కలిపారు, మనసుకు తెలిసిపోయింది అన్నాడు. ఆధారం లేకపోవడం, వేరే కారణానికి చోటివ్వకపోవడం రాసుకున్నాకే ఆ పేరు పెట్టాను. ‘చేతబడి చేశారు’ అనే మాట విన్నప్పుడు కూడా అంతే. ఇంట్లోవాళ్లూ ఊళ్లోవాళ్లూ అదే నమ్ముతుంటే ఆ ఒక్క మాటతో డెల్యూజన్ అనలేం.

చావు ఆలోచనలు కూడా ఇక్కడే రాయాలి. ఉన్నాయని చెబితే రాసి ఊరుకోకుండా వెంటనే సీనియర్‌కు చెప్పాలి. ఉన్నాయా లేవా అని అడగకుండా ‘లేవు’ అని ఎప్పుడూ రాయకండి. అడగకపోతే ‘అడగలేదు’ అనే రాయండి. తర్వాత చదివేవాళ్లు మీ ‘లేవు’ను నమ్మి పేషెంటును ఇంటికి పంపిస్తారు. నా మటుకు నేను మొత్తం ఎంఎస్‌ఈలో దీనికంటే ప్రమాదకరమైన తప్పు లేదంటాను.

జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వగైరాలు త్వరగా అయిపోయాయి. ఐదో తరగతి చదివిన మనిషిని వందలోంచి వరుసగా ఏడేసి తీసివేయమనకుండా ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. ఏం అడిగారో, ఏం చెప్పాడో రెండూ రాయండి.

చివరిది ఇన్‌సైట్. నోట్సులో ‘జబ్బేమీ లేదు’ అని ఉంది కదా అని ‘లేదు’ అని రాయబోయాను. కానీ మాత్ర అడుగుతున్నాడు. మన దగ్గర వాడే ఆరు మెట్ల కొలతలో పూర్తిగా కాదనడం ఒకటో మెట్టు. ఏదో తేడా ఉందని, సాయం కావాలని కొంత తెలిసీ అదే నోటితో కాదనడం రెండో మెట్టు. తప్పంతా బయటివాళ్ల మీద పెడితే మూడు. తనలోనే తెలియని కారణమేదో ఉందనుకుంటే నాలుగు. ఇతను రెండో మెట్టు మీద ఉన్నాడు. అంకె పక్కన ఆయన వాక్యాన్నీ రాశాను.

మందులు మొదలుపెట్టిన నెలకు ఫాలో అప్‌కు వచ్చినప్పుడు, “ఇప్పుడు ఏరియేటర్ తిరుగుతుంటే ఒట్టి మోతే వినబడుతోందండి, నాలోనే ఏదో తేడా చేసినట్టుంది” అన్నాడు. పాత షీటు తీసి రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, గ్రహణం కింద ‘ప్రస్తుతం లేవు, అడిగాను’ అని, ఇన్‌సైట్ కింద నాలుగు అని రాశాను.