ఏడు శాతం బాండు, చివరి మెట్టు రేటింగ్

ప్రశ్న: ఒక కంపెనీ ఐదేళ్ల బాండు 7 శాతం ఇస్తోంది, రేటింగ్ ట్రిపుల్ బి మైనస్. అదే ఐదేళ్లకు ప్రభుత్వ బాండు 4 శాతమే. 'ఇది ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడే, టెన్షన్ లేదు' అంటున్నాడు ఏజెంట్. పొదుపులో సగం పెట్టొచ్చా?

జవాబు: సగం మాత్రం వద్దు. ఏజెంట్ అబద్ధం చెప్పలేదు, కానీ సగమే చెప్పాడు. ట్రిపుల్ ఏతో మొదలై డబుల్ ఏ, సింగిల్ ఏ, ట్రిపుల్ బి వరకు ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్, అంటే అప్పు తీర్చే సత్తా సరిపడా ఉందని రేటింగ్ ఏజెన్సీల అంచనా, అందులో ఆఖరి మెట్టు మీరు చెప్పిన ఈ మైనస్. ఒక్క మెట్టు జారితే డబుల్ బి ప్లస్, అంటే రిస్క్ ఎక్కువున్న స్పెక్యులేటివ్ తరగతి, మార్కెట్ వాళ్ల మాటల్లో 'జంక్'. ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ మాత్రమే ఉంచుకోవాలనే నియమమున్న ఫండ్లు అప్పుడు అమ్మేస్తాయి కాబట్టి, కంపెనీ ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టకుండానే మీ బాండు ధర పడిపోవచ్చు.

ఇక ఆ అదనపు 3 శాతం. దాన్నే క్రెడిట్ స్ప్రెడ్ అంటారు. అది బహుమతి కాదు, కంపెనీ డబ్బు ఎగ్గొడితే వచ్చే నష్టానికి ముందే అందుతున్న పరిహారం. లెక్క వేద్దాం. కంపెనీ చేతులెత్తేస్తే 100కి 40 వెనక్కి వస్తుందనుకోండి (తనఖా లేని బాండ్లకు లెక్కల్లో మామూలుగా వాడే అంచనా ఇదే, అదీ కోర్టుల్లో ఏళ్లు గడిచాక), అంటే పోయేది 60. 3ని 60తో భాగిస్తే 20లో ఒక వంతు. ఏడాదికి డిఫాల్ట్ అయ్యే అవకాశం సుమారు 5 శాతం ఉంటే మీకు వచ్చే అదనం ఆ నష్టానికే సరిపోతుంది, మిగిలేదేమీ ఉండదు. అసలు అవకాశం అంతకంటే తక్కువని మీరు నమ్మితేనే ఈ బాండు లాభం. పైగా ఇది సగటు లెక్క, వంద బాండ్లు కొన్నవాడికి పనికొస్తుంది. మీ దగ్గర ఉండేది ఒకటే, అది నిలబడుతుంది లేదా 60 పోతుంది.

నాకు అనుమానం కలిగించింది ఇంకోటి. మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఈ రేటింగ్‌కి 3 శాతం స్ప్రెడ్ ఎక్కువే, అది డబుల్ బి వాళ్లు ఇచ్చే స్థాయి. సులువుగా అమ్ముకోలేని బాండు కావడం వల్ల కూడా కొంత పెరగొచ్చు, కానీ చాలాసార్లు రేటింగ్ ఏజెన్సీ కంటే ముందే మార్కెట్ ప్రమాదాన్ని గుర్తుపట్టేస్తుంది. 2001లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌ని ఏజెన్సీలు జంక్‌లోకి దించింది నవంబర్ 28న, అది దివాలా పిటిషన్ వేసింది డిసెంబర్ 2న. బాండ్ల ధరలు అప్పటికే పడి ఉన్నాయి.

కాబట్టి ఇదే రేటింగ్, ఇదే గడువు ఉన్న మరో నాలుగు కంపెనీల బాండ్లు ఎంత ఇస్తున్నాయో చూడండి. అవి 5.5 దగ్గర ఉండి మీది ఒక్కటే 7 అయితే, ఎందుకో ఏజెంట్‌ని అడగండి, రేటింగ్ పక్కన అవుట్‌లుక్ 'నెగటివ్' అని, అంటే మున్ముందు రేటింగ్ తగ్గొచ్చని, ఉందేమో కూడా చూడండి. జవాబు నచ్చితే పొదుపులో 5 శాతం దాటకుండా పెట్టండి.