మానినట్టే మాని మళ్లీ రక్తం వచ్చే బొడిపె

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ముక్కు పక్కన, కంటి మూలకు కాస్త కింద చిన్న బొడిపె లేచి ఏడాదిన్నర అయింది. నొప్పి, దురద లేవు. ముఖం తుడుచుకుంటే రక్తం వచ్చి పక్కు కడుతోంది. మానుతోంది, మళ్లీ మొదలవుతోంది. మందుల షాపులో ఇచ్చిన క్రీమ్‌తో కొంచెం తగ్గింది. మచ్చ పడకుండా పోవడానికి ఇంకా మంచి క్రీమ్ చెప్పగలరా?

జవాబు: క్రీమ్ సంగతి తర్వాత. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ముందు తేల్చుకోవాల్సింది ఇది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సరా కాదా అన్నది. పేరు విని టెన్షన్ పడకండి. ఇది ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు. కానీ ఉన్నచోటే నెమ్మదిగా లోపలికి తొలుచుకుంటూ పోతుంది. కంటికి అంత దగ్గరగా ఉందంటేనే నాకు భయం.

వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి అద్దంలో చూసుకోండి. అంచు ముత్యంలా మెరుస్తూ కాస్త ఎత్తుగా ఉండి, దానిమీద దారాల్లాంటి ఎర్రటి రక్తనాళాలు, మధ్యలో గుంట కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ముదురు రంగు చర్మంలో నల్లగా, పుట్టుమచ్చలాగా కూడా ఉండొచ్చు. ఇవేవీ కనిపించకపోయినా బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, మానొద్దు.

మీ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి పేరుంటే అది స్టిరాయిడ్. ఎరుపు, వాపు తగ్గిస్తుంది, కింద గడ్డను ఏమీ చేయదు. 'కొంచెం తగ్గింది' అన్నది బహుశా అదే. ఇవాళే ఆపేయండి. కాల్పించుకోవడం కూడా వద్దు. సరిగ్గా ఇలాంటి చోటే ఉన్న బొడిపెను ఒకాయన బ్యూటీ క్లినిక్‌లో కాల్పించుకున్నారు. ముక్క తీసి పరీక్షకు పంపలేదు. పైన చర్మం నున్నగా మూసుకుంది. రెండేళ్లకు మచ్చ అంచున చిన్న పూసలాంటిది మళ్లీ లేచింది. అప్పటికి అడుగున చాలా దూరం పాకింది. మొదట చిన్న కోతతో పోయేది, చివరికి బుగ్గ నుంచి చర్మం జరిపి కుట్టాల్సి వచ్చింది.

బయాప్సీకి ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, అంతే. క్యాన్సరని తేలితే ప్రధాన చికిత్స సర్జరీయే. వీపు లాంటి చోట్ల చిన్న గడ్డయితే చుట్టూ సుమారు 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి కోసేస్తారు. కంటి పక్కన అంత చోటు వదులుకోలేం. అందుకే అక్కడ మోస్ సర్జరీ మేలు: పొరగా తీసి, అంచులన్నీ అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసి, క్యాన్సర్ కణాలు మిగిలిన వైపు మాత్రమే మళ్లీ తీస్తారు. ఆపరేషన్‌కు తట్టుకోలేని వారికి రేడియేషన్ ఇస్తాం.

ఇమిక్విమాడ్ అని క్రీమ్ ఉన్న మాట నిజమే. అది పైపొరకే పరిమితమైన రకానికి, బయాప్సీ అయ్యాక, వారాల తరబడి డాక్టర్ పర్యవేక్షణలో వాడేది. మీరు చెప్పిన చోటికి మామూలుగా నేనైతే రాయను.

ఏ చికిత్సలోనైనా ఎంతో కొంత మచ్చ మిగులుతుంది. ఏడాదిన్నర ఆగారు, ఇంక ఆగకండి. ఈ వారంలోనే చర్మ డాక్టర్‌కు చూపించండి, వాడిన ట్యూబు కూడా తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.