నల్లరేగడిలో సోలార్ పైల్ లోతు

“కర్నూలు దగ్గర నల్లరేగడిలో సోలార్ ప్యానెల్ పోస్టుకు 300 మి.మీ. వ్యాసం కాంక్రీటు పైల్ 1.5 మీటర్ల లోతు చూపించాం. గాలికి చాలదని రిపోర్ట్ తిప్పి పంపారు. ఎందుకండీ?”

తప్పు లోతులోనే ఉందండీ. అక్కడ గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 0.9 కిలోన్యూటన్ల ఒత్తిడి. ఒక్కో పోస్టుకు 8 చ.మీ. ప్యానెల్, గాలి గుణకం 1.2 అనుకుంటే పైకి లాగే బలం దాదాపు 8.7 కిలోన్యూటన్లు.

రేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చి పైల్‌ను వదిలేస్తుంది. అందుకే పై మీటరు పట్టును లెక్కలోంచి తీసేయాలి. మీకు మిగిలేది అర మీటరే! మట్టి పట్టు చదరపు మీటరుకు 15 కిలోన్యూటన్లు, భద్రతా గుణకం 2.5 పెడితే, పైల్ బరువు కలిపినా ఆపే బలం 5.5 కిలోన్యూటన్లు దాటదు. లోతు 2.5 మీటర్లు చేస్తే 12 దాటుతుంది. సైటులో పైల్‌ను పైకి లాగి చూసే పుల్అవుట్ టెస్ట్ మాత్రం తప్పదు.

పైల్ చుట్టూ నీరు నిలవకుండా మట్టిని కాస్త ఎత్తు చేసి, వరుసల మధ్య కాలువకు వాలు ఇవ్వండి.