‘ఒకటే’ అంటే ‘సమానమే’ అనా?

సందేహం: “అన్నమయ్య ‘బ్రహ్మ మొకటే’ కీర్తన మీద రాసిన ఎం.ఏ. వ్యాసంలో ‘15వ శతాబ్దంలోనే తిరుపతిలో కులభేదాలను తిరస్కరించారని ఈ కీర్తన నిరూపిస్తోంది’ అన్నాను. మా గురువుగారు ‘నిరూపిస్తోంది’ని కొట్టేసి, పక్కన ‘ఒకటే అన్న మాటకు అర్థం చూడు’ అని రాశారు. ఒకటే అంటే సమానమనే కదా? నా వాక్యంలో తప్పేమిటి?”

సమాధానం: ‘ఒకటి’ మీద అవధారణార్థకమైన ‘ఏ’ చేరితే ‘ఒకటే’ అవుతుంది. దాని అర్థం మాత్రం అన్ని చోట్లా ఒకే తీరుగా ఉండదు. ‘నా కోరిక ఒకటే’ అంటే మరొకటి లేదని. ‘పొద్దుటినుంచీ ఒకటే వాన’ అంటే ఎడతెరిపి లేదని. ‘మా ఇద్దరి ఊరూ ఒకటే’ అంటే రెండు వేర్వేరు ఊళ్లు కావని. ఈ మూడోదే మీ కీర్తనలోని అర్థం. అయితే మా ఇద్దరి ఊరూ ఒకటే అన్నంత మాత్రాన మా ఇళ్లు ఒకే వాడలో ఉన్నాయని ఎవరూ అనుకోరు. మీ గురువుగారి అభ్యంతరమంతా ఈ ఊరికీ వాడకీ మధ్య ఉన్న దూరంలోనే ఉంది.

ఇప్పుడు మీరు ఎత్తి రాసిన చరణాన్నే దగ్గరగా చూద్దాం. “మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే, చండాలుడుండేటి సరిభూమి యొకటే.” ఇందులో బ్రాహ్మణుడు ‘మెట్టు’ అన్న క్రియకూ, చండాలుడు ‘ఉండేటి’ అన్న క్రియకూ కర్తలు. ‘ఒకటే’ అన్న మాటకు మాత్రం కర్త వాళ్లిద్దరిలో ఎవరూ కాదు, భూమి. తక్కిన చరణాలన్నీ ఇదే పోత పోసినవి. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే, ధనాఢ్యునికీ నిరుపేదకూ రేయింబవళ్లు ఒకటే, ఏనుగు మీద కాసే ఎండా కుక్క మీద కాసే ఎండా ఒకటే. ఒకటిగా చెప్పినవి నిద్ర, పగలూ రాత్రీ, నేల, ఆకలి, గాలి, ఎండ, చివరికి శ్రీవేంకటేశ్వరుని నామం. ఇవన్నీ ప్రకృతో దైవమో పంచిపెట్టినవి. మనిషి మనిషికి పంచవలసిన బావినీళ్లూ భోజనపంక్తీ వియ్యమూ ఈ జాబితాలో లేవు. లేకపోవడాన్ని బట్టి కవి వాటిని ఒప్పుకోలేదని చెప్పలేం. కాని ఒప్పుకున్నాడని చెప్పడానికి కీర్తన మనకు ఆధారం ఇవ్వదు. ఆకలిని గురించిన చరణం దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. శిష్టాన్నం తినేవాని ఆకలీ దుష్టాన్నం తినేవాని ఆకలీ ఒకటే అన్నాడు గాని, అన్నాలు రెండూ ఒకటే అనలేదు. శిష్టం శిష్టంగానే, దుష్టం దుష్టంగానే మిగిలాయి. ఈ చరణం అంత తరచుగా ఉదాహరణలకెక్కదు; నా మట్టుకు కీర్తనలో చరిత్రకారునికి ఎక్కువ పనికివచ్చేది ఇదే.

అంతమాత్రాన ఇది కేవలం వేదాంతమని తోసెయ్యడం కూడా తొందరపాటే. “హీనాధికము లిందు లేవు” అని మొదటి చరణంలోనే ఉంది. హీనమూ అధికమూ అంటే తక్కువ, ఎక్కువ. వర్ణక్రమానికి ఆయువుపట్టు ఆ రెండు మాటలే. వాటిని పేరు పెట్టి పిలిచి ‘లేవు’ అన్న క్రియతో ముగించిన కవి మెత్తగా మాట్లాడినట్టు కాదు. కాకపోతే ఆ ‘లేవు’కు ముందు ‘ఇందు’ అనే ఒక చిన్న మాట కాపలా ఉంది. పల్లవిలో చెప్పిన పరబ్రహ్మమందు, అంటే హరి అందరికీ అంతరాత్మ అన్న ఆ దృష్టియందు హీనాధికాలు లేవని వాక్యం. ఊళ్లో లేవని గాని, గుడిలో లేవని గాని ఆ మాటకు అర్థం సాగదీయలేం.

అదే చరణంలో “జంతుకుల మింతా నొకటే” అన్నదాన్ని ‘కులాలన్నీ ఒకటే’ అని చదివేవారు చాలామంది. కులమనే మాటకు సంస్కృతంలో వంశమనీ సమూహమనీ అర్థాలు. కవికులం, పక్షికులం అన్నప్పుడు మనకిప్పటికీ ఆ రెండో అర్థమే. జంతువంటే పుట్టినది, అందులో మనిషీ ఉన్నాడు. కనుక ‘పుట్టిన ప్రాణుల సమూహమంతా ఒకటే’ అని తాత్పర్యం. అన్నమయ్యకు కులమంటే నేటి అర్థం తెలియదని కాదు. “ఏ కులజుడేమి యెవ్వడైన నేమి, ఆకడ నాతడె హరి నెఱిగినవాడు” అన్నది ఆయనే. మీ వాదానికి ‘జంతుకులం’కంటే ఈ పల్లవి గట్టి ఆధారం, ఇక్కడ ‘ఏమి’ అన్న ప్రశ్న నేరుగా పుట్టుకకే తగులుతుంది. అయినా ఈ వాక్యానికి కూడా ఒక షరతుంది. కులం లెక్కలోకి రాకుండా పోయేది హరిని ఎరిగినవాని విషయంలో.

ఈ షరతు ఎంత బలమైనదో “విజాతులన్నియు వృథా వృథా” అన్న కీర్తన చూపిస్తుంది. “జాతిభేదములు శరీరగుణములు, జాతి శరీరము సరితోడనె చెడు” అంటాడు. జాతి దేహంతో వచ్చి దేహంతోనే పోతుందని, ఆత్మకు ఆ మైల అంటదని భావం. ఆత్మకు జాతి లేదనడం ఆ కాలానికి చిన్న మాట కాదు. కాని జాతిని శరీరానికి వదిలిపెట్టడం కూడా ఆ వాక్యంలోనే జరిగింది. అంటూ ముట్టూ పాటించేది శరీరాల మధ్యనే గదా! చరణం చివర హరిదాస్యం “యొకటే పో సుజాతి” అన్నాడు. గమనించండి, ఇక్కడ ‘ఒకటే’కు ‘రెండూ ఒకే వస్తువు’ అన్న అర్థం కాదు, ‘అదొక్కటే, మరొకటి కాదు’ అని అర్థం. పుట్టుకతో వచ్చే సుజాతిని తీసేసి ఆ పీఠం మీద భక్తిని కూర్చోబెట్టాడు. పీఠం అక్కడే ఉంది. ఒకే కవి, ఒకే మాట, రెండు కీర్తనల్లో రెండర్థాలు. ‘ఒకటే’ చూడమన్న మీ గురువుగారు ఇది దృష్టిలో పెట్టుకునే అని ఉంటారు.

సాక్ష్యంగా చూస్తే ఈ కీర్తనలకు ఒక పెద్ద సుగుణం ఉంది. వేమన పద్యాలు నోటినుంచి నోటికీ ప్రతినుంచి ప్రతికీ మారుతూ వచ్చాయి. “మాలవాని నేల” అన్న పద్యం మొదటి పాదమే ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా చదువుతారు, అది ఏ నాటి గొంతో తేల్చడం కష్టం. అన్నమయ్య పదాలు ఆయన వంశంవారే 16వ శతాబ్దంలో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల సంకీర్తన భండారంలో ఉంచినవి. రాసినవాడెవరో, ఏ కాలమో, ఏ ఊరో మనకు తెలుసు. 1408లో పుట్టి 1503లో పోయిన నందవరీక బ్రాహ్మణుడు, శ్రీవైష్ణవం స్వీకరించినవాడు, గుడికి దగ్గరివాడు. కనుక మీరు ధైర్యంగా చెప్పగలిగిన మాట ఒకటుంది. ఎక్కువ తక్కువలు దేవుని ముందు చెల్లవన్న మాటను 15వ శతాబ్దంలో తిరుమలలో, పై వర్ణంలో పుట్టినవాడే తెలుగు పాటలో అనగలిగాడు. ఆయన వంశీకులు దాన్ని దాచకుండా రాగి మీదికి ఎక్కించారు. అయితే ఎవరు విన్నారు, చండాలుడన్న మాట వర్తించినవాళ్లు ఆ పాట విన్నారా అన్న ప్రశ్నకు రేకు జవాబు చెప్పదు. ఆ రేకులు ఎన్నో తరాలపాటు భండారంలో ఉండిపోయి, 20వ శతాబ్దంలో గాని అచ్చుకెక్కలేదు. ఇవాళ ఈ పాట ఇంటింటా వినబడుతోంది గనుక అప్పుడూ అలాగే వినబడి ఉంటుందని అనుకోకూడదు.

పాట చెప్పనిది శాసనం చెప్పవచ్చు. సాళువ నరసింహుని కాలపు తిరుపతి శాసనాల్లో రామానుజకూటాలనే సత్రాలూ, వాటిని నడిపిన కందాడై రామానుజ అయ్యంగారూ, ఆయన శిష్యులైన సాత్తాద వైష్ణవులకు నైవేద్య ప్రసాదంలో దక్కిన భాగాలూ కనబడతాయి. సాత్తాదవారు జంధ్యం లేని, బ్రాహ్మణేతర వైష్ణవులు. పాటలోని ‘హీనాధికము లిందు లేవు’కు ఆచరణలో ఎంత చోటు దొరికిందో కొలవడానికి ఇలాంటి ప్రసాదం లెక్క పనికివస్తుంది. చోటు కొంత దొరికింది. అది దొరికినవారు చండాలురు కారు. మీ వ్యాసంలో కీర్తన పక్కన ఈ శాసనాలను పెట్టండి, కీర్తన బలం తగ్గదు, హద్దు తెలుస్తుంది.

కావ్యాలు చదివేటప్పుడు ఇంకొక మెలకువ. కవి పనిగట్టుకుని చెప్పినదానికంటే, కథ నడుపుతూ యథాలాపంగా చెప్పినది చరిత్రకు ఎక్కువ నమ్మదగినది. ఆముక్తమాల్యదలోని మాలదాసరి కథనే తీసుకోండి. బ్రాహ్మణుడుగా ఉండి బ్రహ్మరాక్షసుడైనవాడు ఒక అంత్యజ భక్తుని కాళ్ల మీద పడి, అతని పాటఫలం యాచించి, దానితో ముక్తుడవుతాడు. తలకిందులైన వర్ణక్రమమే ఆ కథకు ఆయువు. అంత మహిమ గల ఆ భక్తుడు రోజూ వచ్చి పాడేది మాత్రం గుడి బయట నిలబడి. కవి దాన్ని ఖండించలేదు, సమర్థించలేదు, అందరికీ తెలిసిన సంగతిగా చెప్పి ముందుకు సాగిపోయాడు. అలా సాగిపోగలగడమే ఆ గోడ ఎంత మామూలుగా ఉండేదో మనకు చెబుతుంది. అన్నమయ్య చరణంలోనూ అంతే. బ్రాహ్మణుని ఒక కొసనా చండాలుని ఇంకొక కొసనా పెడితే వినేవానికి వెంటనే తగులుతుందని కవికి తెలుసు. ఆ దూరం నిజంగా లేకపోతే చరణం పండేది కాదు. కనుక ఈ కీర్తన కులభేదం లేదనడానికి కాదు, గట్టిగా ఉండేదనడానికే ముందు సాక్ష్యమవుతుంది. దాన్ని కాదనగల మాట తెలుగులో పుట్టిందనడానికి ఆ తరువాత.

ఇక మీ వాక్యం. ‘నిరూపిస్తోంది’ స్థానంలో ‘సూచిస్తోంది’ వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, ఎందుకంటే ‘తిరస్కరించారని’ అన్న బహువచన క్రియకు కర్త ఎవరో మీరు చెప్పలేదు. ఒక కవి అన్నమాట ఆ బహువచనంతో ఒక ఊరి నడవడిగా మారిపోయింది. ‘తిరుపతిలో’ అన్నది కూడా ఊరిని సాక్షిగా పిలుస్తోంది. మన దగ్గర ఉన్న సాక్షి పాట. “దైవసన్నిధిలో హీనాధికాలు లేవన్న వాదాన్ని 15వ శతాబ్దంలో అన్నమయ్య ఈ కీర్తనలో స్పష్టంగా వినిపించాడు” అనండి. ‘ధిక్కరించాడు’ అన్న క్రియ కావాలంటే, ఆ మాట అన్నందుకు ఎవరైనా ఆయనను అడ్డుకున్న దాఖలా చూపవలసి ఉంటుంది.

మరొక్క సంగతి, మీరు ఎత్తి రాసిన చరణంలో ‘ఛండాలుడు’ అని ఒత్తు పెట్టారు. సంస్కృతరూపం చండాలః, చాండాల అన్నది దాని మరో రూపం. రెండింటా మొదటి అక్షరానికి ఒత్తు లేదు. ఈమధ్య ఫోన్లలో తిరుగుతున్న సాహిత్యంలో ఆ తప్పు విరివిగా కనిపిస్తోంది, అచ్చు ప్రతిని చూసి దిద్దుకోండి.