మూడోసారి కూడా ‘ఇంకా బాగా రాయండి’ అన్నప్పుడు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు ప్రతులూ, వాటికి ఆయన ఇచ్చిన మూడు జవాబులూ చదివాను. సహోద్యోగి పదవీ విరమణ సభలో తాను చదవడానికి ఓ చిన్న ప్రసంగం రాసిపెట్టమన్నాడు ఆయన. మొదటి ప్రతికి "ఇంకొంచెం బాగా రావాలండి" అన్నాడు. రెండోదానికి "బాగుంది కానీ ఇంకా బాగా కావాలి" అన్నాడు. మూడోదానికి "ఎన్నిసార్లు చెప్పాలండీ, బాగా రాయమన్నాను కదా!" అన్నాడు. నీకు టెన్షన్ రావడంలో తప్పేం లేదు. ‘నాలుగోది ఇంకా జాగ్రత్తగా రాస్తాను’ అన్నావు చూడు, అక్కడే ఆగు. ఆ నాలుగోది రాయకు.

నీ మూడు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చూడు. మొదటిదానిలో ఆ సహోద్యోగిని ‘మంచి మనిషి’ అన్నావు. రెండోదానిలో ఆయన ‘మహోన్నత వ్యక్తి’ అయ్యాడు, మూడోదానికి వచ్చేసరికి ‘మూర్తీభవించిన సౌజన్యం’ అయిపోయాడు. ప్రతిసారీ నాలుగు వాక్యాలు పెరిగాయి కూడా. అంటే మూడుసార్లూ నువ్వు చేసింది ఒకటే మార్పు, మోతాదు పెంచావంతే. ఆయన ఒకే మాట మూడుసార్లు అన్నాడని విసుక్కున్నావు గానీ, నువ్వూ ఒకే జవాబు మూడుసార్లు ఇచ్చావు.

‘బాగా’ అనే మాటలో ఏమైనా ఉండొచ్చు. పొడుగైందని కావొచ్చు, ముఖ్యమైన సంగతేదో రాలేదని కావొచ్చు, ఇది నా మాటలా లేదని కావొచ్చు. చాలామందికి నచ్చనిది తెలుస్తుంది గానీ, దాని పేరు తెలియదు. అందుకే ‘మీకు సరిగ్గా ఏం కావాలో చెప్పండి’ అని ఇప్పుడు అడగకు. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న అది. మూడోసారి కోపంలో ఉన్న మనిషిని అడిగితే, చెప్పలేకపోవడం తన తప్పే అన్నట్టు వినిపిస్తుంది.

ఆయన మొదటి మెసేజ్ మళ్లీ చదివాను. ‘నేను కొత్తలో ఒకే విషయం నాలుగుసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేవారు’ అని రాశాడు. (ఈ మాట మనకు ఇప్పుడే కనబడటం తమాషాగా లేదూ!) నీ మూడు ప్రతుల్లోనూ అది ‘మార్గదర్శనం’ అనే ఒక్క మాట కింద నలిగిపోయింది. ఆ ఒక్క సంగతినే తీసుకుని రెండు రకాలుగా రాయి. రెండేసి వాక్యాలు చాలు.

ఒకటి: "నా తొలినాళ్లలో ఓర్పుతో దారి చూపిన మార్గదర్శి ఆయన. ఆ ఋణం తీర్చుకోలేనిది."

రెండు: "కొత్తలో నేను అడిగిందే నాలుగుసార్లు అడిగేవాణ్ణి. నాలుగోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవారు."

సంగతి ఒకటే, చెప్పే తీరు మాత్రమే వేరు. సంగతి కూడా మార్చేస్తే ఆయన దేన్ని చూసి ఎంచుకున్నాడో నీకు తెలియదు. తేడా మాత్రం కొట్టొచ్చినట్టు ఉండాలి. ఐదారు రకాలు పంపావంటే అది ఆయనకు ఇంకో పని అవుతుంది. పైన రెండు వాక్యాలు రాయి: "మూడుసార్లూ నేను పదాలే మార్చాను, అందుకే కుదరలేదు. ఈ రెంటిలో మీరు నిలబడి చదవడానికి ఏది దగ్గరగా ఉంది?" క్షమాపణ అంతవరకు చాలు.

నా అనుమానం రెండోదే ఎంచుకుంటాడని. ఆయన దీన్ని పైకి చదవాలి, ‘మూర్తీభవించిన సౌజన్యం’ నోరు తిరగదు. కానీ నా అనుమానాన్ని నమ్మి మొత్తం రాసేయకు, ముందు జవాబు రానీ.

రెండూ కాదంటే అదీ పనికొచ్చే జవాబే. తేడా భాషలో లేదని తేలింది కనుక, ఇక ఫోన్ చేసి నీ ప్రతి చదివి వినిపించు. ఓసారి ఒకాయన నా వ్యాసానికి "బిగువు లేదు" అని మూడుసార్లు అన్నాడు. నేను ప్రతిసారీ పదాలు కోస్తూ పోయాను. చివరికి ఫోన్లో చదువుతుంటే మూడో పేరాలో "అక్కడ ఆపండి" అన్నాడు. అక్కడ వాళ్లన్నయ్య ప్రస్తావన ఉంది, అది ఉండటం ఆయనకు ఇష్టం లేదు. బిగువుకీ దానికీ ఏ సంబంధమూ లేదు! అందుకే చదివేటప్పుడు ఆయన ఏమంటున్నాడో వినడం కంటే, ఎక్కడ ఆపుతున్నాడో, ఎక్కడ ‘ఊఁ’ కొట్టడం మానేస్తున్నాడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

ఒక్కోసారి ఆ మనిషికే ఇంకా ఏం కావాలో తేలి ఉండదు. అప్పుడు ఏ ఉపాయమూ పనిచేయదు, సభ ఎప్పుడో కనుక్కుని రెండు రోజులు ఆగడమే.

ఆ నాలుగు వాక్యాలూ ఈ రాత్రికే పంపు. ఆయన ఏది ఎంచుకున్నాడో నాకూ చెప్పు.

నీ అన్నయ్య