ఎంటెక్ వైవా: మొదటి పది నిమిషాల్లో ఏ స్లైడ్ ఎప్పుడు?

*మేడమ్, ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. నల్గొండ జిల్లా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను యాక్టివేటెడ్ అల్యూమినాతో తీసేయడం నా థీసిస్. వైవాలో 20 నిమిషాలు మాట్లాడాలి. 38 స్లైడ్లు తయారయ్యాయి. ప్రాక్టీస్ చేస్తుంటే పది నిమిషాలు దాటినా లిటరేచర్ రివ్యూలోనే ఉంటున్నాను. ఏది ముందు పెట్టాలి, దేనికి ఎంత సమయం ఇవ్వాలి?*

మొదటి పది నిమిషాలకు ఆరు స్లైడ్లు చాలు. ఆరో స్లైడ్ మీ ముఖ్యమైన ఫలితం కావాలి, అది ఆరో నిమిషానికల్లా తెర మీదికి రావాలి. ఎక్స్‌టర్నల్ మీ థీసిస్ తిరగేసే వస్తారు. పరిచయం సాగుతూ ఉంటే మధ్యలోనే "కమ్ టు ద రిజల్ట్స్" అనేస్తారు. అప్పుడు కంగారుగా పది స్లైడ్లు దాటించడం కంటే ఆ మాట వాళ్ల నోట రాకుండా చూసుకోవడం మేలు.

మొదటిది టైటిల్ స్లైడ్, అర నిమిషం. దాన్ని చదవకండి, చేసిన పనిని ఒక్క వాక్యంలో చెప్పండి. విషయ సూచిక స్లైడ్ తీసేయండి, దాని కోసం ఎవరూ ఎదురుచూడరు.

రెండోది సమస్య, నిమిషంపావు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఫర్వాలేదని బీఐఎస్ ప్రమాణం. దాని పక్కనే మీరు తెచ్చిన నమూనాలో ఎంత ఉందో పెట్టండి. ఫ్లోరోసిస్ చరిత్ర జోలికి పోవద్దు, మన ప్రాంతపు పరీక్షకులకు అది తెలిసిందే.

మూడోది మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న లిటరేచర్. పది స్లైడ్లు ఒక్క పట్టికలోకి రావాలి: నాలుగైదు వరుసలు, ఒక్కో దానిలో వాడిన పదార్థం, వాడిన నీళ్లు, ఎంత ఫ్లోరైడ్ పట్టింది. "వాడిన నీళ్లు" అన్న గడికి రంగు వేయండి. ల్యాబ్ పరీక్షలు చాలావరకు డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసినవే. బోరు నీళ్లలో బైకార్బొనేట్ కూడా ఉంటుంది, అది అల్యూమినా మీద చోటు కోసం ఫ్లోరైడ్‌తో పోటీపడుతుంది. మీ పనికి అవసరం ఎక్కడ పుట్టిందో ఆ ఒక్క గడి చూపిస్తుంది. దీనికి నిమిషంన్నర. మిగతా పేపర్లు థీసిస్‌లో ఎలాగూ ఉన్నాయి.

నాలుగోది మీ ప్రశ్న, ముప్పావు నిమిషం: "అసలు బోరు నీళ్లలో అల్యూమినా ఎంత ఎక్కువ కావాలి?" ఐదు ఆబ్జెక్టివ్‌లను వరుసగా చదివితే ఒక్కటీ గుర్తుండదు. ఇది ముగిసేసరికి గడియారంలో నాలుగు నిమిషాలు.

ఐదోది మెథడ్, రెండు నిమిషాలు. పరికరాల ఫోటోలు వద్దు, ప్రయోగం సాగిన తీరు ఒక్క బొమ్మలో గీయండి. ఇక్కడ తప్పక నోటితో చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి, డిస్టిల్డ్ వాటర్‌లోనూ బోరు నీళ్లలోనూ పీహెచ్ సమానంగా ఉంచారని. అల్యూమినా కొంచెం ఆమ్ల పీహెచ్‌లో బాగా పనిచేస్తుంది కాబట్టి, ఇది చెప్పకపోతే "తేడా బైకార్బొనేట్ వల్లా, పీహెచ్ వల్లా?" అనే ప్రశ్న ఖాయం. సమానంగా ఉంచలేదా? అయితే ఆ పరిమితిని మీరే ఇక్కడ చెప్పేయండి. రెండోది, ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు టిసాబ్ కలిపారని. నీళ్లలోకి దిగిన అల్యూమినియం అక్కడి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటే ఎలక్ట్రోడ్‌కు ఆ ఫ్లోరైడ్ కనిపించదు, తీసేశామని మనం భ్రమపడతాం.

ఆరోది ఫలితం, రెండున్నర నిమిషాలు. ఒక్కటే గ్రాఫ్. అడ్డంగా అల్యూమినా మోతాదు, నిలువుగా మిగిలిన ఫ్లోరైడ్, రెండు నీళ్లకు రెండు గీతలు, 1.5 దగ్గర ఎర్ర గీత. ముందు అక్షాలు చెప్పండి, ఆగండి, ఆ తర్వాతే గీతలు. ఉదాహరణకు డిస్టిల్డ్ వాటర్ గీత లీటరుకు 3 గ్రాముల దగ్గర, బోరు నీళ్ల గీత 5 గ్రాముల దగ్గర ఎర్ర గీత కిందికి దిగాయనుకోండి. "ల్యాబ్ లెక్కతో ఫిల్టర్ కడితే ఊళ్లో 40 శాతం అల్యూమినా తక్కువ పడుతుంది" అనండి. ఐసోథర్మ్, కైనెటిక్స్ రెండో పది నిమిషాలకు.

ఇదంతా ఎనిమిదిన్నర నిమిషాలే. మిగిలిన నిమిషంన్నరను కావాలనే ఖాళీగా ఉంచాను. ప్రొజెక్టర్ కలవకపోవడం, మధ్యలో ఒక ప్రశ్న, గొంతు తడుపుకోవడం, ఇవన్నీ దానిలోంచే పోవాలి. ఏదీ జరగకపోతే తొందరగా రెండో సగంలోకి వెళ్తారు, నష్టమేం లేదు.

ప్రాక్టీస్‌లో ఫోన్‌లో రికార్డు పెట్టి, స్లైడ్ మారిన ప్రతిసారీ సమయం రాసుకోండి. నాలుగో స్లైడ్ అయ్యేసరికి ఐదు నిమిషాలు దాటితే మాట వేగం పెంచకండి, పట్టికలో ఒక వరుస తీసేయండి. వైవా రోజునే అలా జరిగితే మెథడ్‌లో పీహెచ్, టిసాబ్ మాటలు మాత్రం చెప్పి గ్రాఫ్‌కు వెళ్లిపోండి. తీసేసిన స్లైడ్లను థాంక్యూ స్లైడ్ తర్వాత నంబర్లతో దాచుకోండి. ఎవరైనా అడిగితే ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే పవర్‌పాయింట్ నేరుగా అక్కడికి వెళ్తుంది.