ఇండక్షన్ స్టవ్ ఆగిపోతోందా? ఎంతసేపటికి ఆగిందో చూడండి

స్టవ్ మీద E1 అనో E3 అనో పడగానే అందరూ ముందు ఆ అంకెకు అర్థం వెతుకుతారు. అన్ని కంపెనీలకూ ఒకే లెక్క ఉంటే ఆ వెతుకులాట పనికొచ్చేది. ఒకదాంట్లో గిన్నె లేదని చెప్పే అంకె, ఇంకోదాంట్లో వోల్టేజీ తగ్గిందని చెబుతుంది. మీ స్టవ్‌తో వచ్చిన పుస్తకంలోనో, అడుగున అంటించిన కాగితం మీదో ఉన్న పట్టిక ఒక్కటే మీకు చెల్లుతుంది. అది పోయినా కంగారు పడక్కర్లేదు. ఆన్ చేశాక ఎంతసేపటికి ఆగిందో గమనించండి. పెట్టిన నిమిషంలోపే బీప్ బీప్‌మంటూ ఆగితే ముందు గిన్నెను అనుమానించాలి. పది పదిహేను నిమిషాలు బాగానే వండి ఆగితే లోపల వేడి ఎక్కువైనట్టు. రోజూ ఒకే వేళకు గానీ, పవర్ పెంచిన మరుక్షణం గానీ ఆగితే వోల్టేజీ.

అసలు ఆగడమే లేకపోయినా ఆగిందనుకునేవాళ్లూ ఉన్నారు. చాలా చిన్న స్టవ్‌లు తక్కువ పవర్‌లో పెడితే కాసేపు మరిగించి, కాసేపు ఊరుకుని, మళ్లీ మరిగిస్తాయి. సన్నసెగ ఇవ్వడానికి వాటికి తెలిసిన పద్ధతి అదే. తెర మీద కోడ్ రానంత వరకు అది రిపేరు కాదు.

ఇక గిన్నెల సంగతి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి అమెరికా వచ్చే మనవాళ్ల పెట్టెల్లో మూడు వస్తువులు తప్పకుండా ఉంటాయి: అల్యూమినియం కుక్కరు, పెళ్లికి పెట్టిన స్టీలు గిన్నెలు, చేపల పులుసుకు మట్టి దాక. ఈ మూడూ ఇండక్షన్‌కు పనికిరాకపోవచ్చు. స్టవ్ లోపలి తీగచుట్ట గిన్నె అడుగులో కరెంటు పుట్టించి, ఆ అడుగునే వేడెక్కిస్తుంది. అందుకు అడుగు అయస్కాంతం అంటుకునే లోహమై ఉండాలి. మామూలు అల్యూమినియానికి అంటుకోదు. మనవాళ్లు కొనే మంచి స్టీలు చాలావరకు 304 రకం, దానికీ సరిగా అంటుకోదు. కాబట్టి ఖరీదైన గిన్నె పనిచేయక, చవకది పనిచేసే విచిత్రం కూడా చూస్తారు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి గిన్నె అడుగున మధ్యలో ఒకసారి, అంచు దగ్గర ఒకసారి పెట్టండి. రెండు చోట్లా గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో పట్టుకుని అంచున జారిపోతే అడుగు మధ్యలో అతికించిన బిళ్ల మేరకే వేడి వస్తుంది. ఆ బిళ్ల చిన్నదైతే స్టవ్‌కు గిన్నె కనిపించనే కనిపించదు. సాధారణంగా 12 సెంటీమీటర్ల కంటే చిన్న అడుగును స్టవ్ గుర్తించదు. పోపు గరిటె, ఒక కప్పు టీ గిన్నె పెట్టినప్పుడు కోడ్ వచ్చేది అందుకే.

మట్టి దాక విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే స్టవ్‌లు పాడవుతున్నాయి. దాక కింద పెట్టుకోమని ఒక ఇనుప పళ్లెం అమ్ముతారు, కన్వర్టర్ డిస్క్ అంటారు. ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఇలాగే పళ్లెం కొని, దాని మీద దాక పెట్టి, 1600 వాట్లలో పులుసు ఎక్కించింది. ఎనిమిది నిమిషాలకు కోడ్ పడి ఆగింది. చల్లారాక మళ్లీ పెడితే నాలుగు నిమిషాలకే ఆగింది. పులుసు మాత్రం గోరువెచ్చగానే ఉంది. జరిగింది ఇది: దాక అడుగు గుండ్రంగా ఉంటుంది, పళ్లేనికి తాకేది రూపాయి బిళ్లంత చోటు. ఆ కాస్త చోటు నుంచి వేడి పులుసులోకి ఎక్కదు. ఎక్కని వేడంతా పళ్లెంలో నిలిచి కిందికి గాజులోకి దిగుతుంది. గాజుకు కింద మధ్యలో వేడి చూసే సెన్సార్ ఒకటి ఉంటుంది, అది హద్దు దాటగానే స్టవ్‌ను ఆపేస్తుంది. రెండోసారి ఇంకా త్వరగా ఆగడానికి కారణం, గాజు పూర్తిగా చల్లారలేదు. ఇక్కడ సెన్సార్ తన పని తాను చేసింది. అది పాడైందని మార్పిస్తే డబ్బు దండగ. పళ్లెం వాడక తప్పదంటే 600–800 వాట్లు దాటించకండి, అడుగు చదునుగా ఉన్న గిన్నెకే వాడండి.

పులుసుకు అయస్కాంతం అంటే మందపాటి అడుగు స్టీలు గిన్నె, వెడల్పుది, కొనుక్కోండి. పోత ఇనుప మూకుడు స్టవ్‌కు బాగా పనిచేస్తుంది గానీ చింతపండు పులుపుకు ఇనుము వదిలి పులుసు నల్లబడుతుంది, ఎనామిల్ పూత ఉన్నదైతే ఆ బాధ లేదు. పులుసు దించి చల్లారాక దాకలోకి మార్చి పెట్టండి. ఎలాగూ మనకు రుచి మర్నాడే కదా.

దోసె పెనానికి ఒక్క జాగ్రత్త. ఖాళీ పెనం పెట్టి పూర్తి పవర్ ఇస్తే నిమిషాల్లో అదే వేడి కోడ్ వస్తుంది, పలచటి పెనమైతే అడుగు వంగిపోతుంది. 800 వాట్ల దగ్గర అయిదారు నిమిషాలు కాగనివ్వండి.

గిన్నె మంచిదే, అయినా పావుగంటకు ఆగుతోందంటే ఫ్యాను వైపు చూడాలి. చిన్న స్టవ్‌లలో గాలి అడుగు నుంచే లోపలికి వెళ్తుంది. కింద ప్లాస్టిక్ గుడ్డో, పేపరో పరిస్తే అది ఫ్యాను జాలీకి అతుక్కుని గాలి ఆపేస్తుంది. ముందు అది తీసేసి, వెనకా పక్కలా పది సెంటీమీటర్ల ఖాళీ ఇచ్చి మళ్లీ వండి చూడండి. చాలా కేసులు ఇక్కడితో తీరిపోతాయి. తీరకపోతే నీళ్లు పెట్టి ఆన్ చేసి వెనక చెయ్యి పెట్టండి, గాలి తగలాలి. వంట అయ్యాక కూడా ఫ్యాను కాసేపు తిరగాలి. అది ఆగేదాకా ప్లగ్గు లాగకూడదు, లాగితే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

గాలి తగలడం లేదా, గరగర శబ్దం వస్తోందా? వారంటీ ఉంటే తెరవకండి, వాళ్లకే ఇవ్వండి. వారంటీ దాటితే ప్లగ్గు తీసి పది నిమిషాలైనా ఆగాకే తెరవండి. లోపలి కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. బోర్డు భాగాలను వేళ్లతో తాకకండి. అడుగు స్క్రూలు తీయాలి, ఒకటి రెండు రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. పైమూత ఎత్తేటప్పుడు బటన్ల బోర్డు తీగ తెగకుండా మెల్లగా పక్కకు తిప్పండి. ఫ్యాను రెక్కల మీదా, పక్కనున్న అల్యూమినియం పలకల సందుల్లోనూ నూనె జిడ్డుతో కలిసిన దుమ్ము అట్టకట్టి ఉంటుంది. పొడి బ్రష్షుతో రాల్చి, మిగిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవండి. నీళ్లు వద్దు. దుమ్ము పోవడానికి గాలి కొట్టేటట్టయితే ఫ్యానును వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పోతుంది. చివరగా వేలితో తిప్పితే సులువుగా నాలుగైదు చుట్లు తిరగాలి. బిగుసుకుపోతే ఫ్యాను మార్చడమే. పాతదాని స్టిక్కర్ మీద 12 వోల్టులా 18 వోల్టులా అని రాసి ఉంటుంది, అదే వోల్టేజీ, అదే సైజు కొనండి. ఎర్రతీగ, నల్లతీగ తారుమారు కాకూడదు. ఫ్యాను కొత్తదైనా తిరగకపోతే లోపం బోర్డులో ఉంది, అది ఇంట్లో చేసే పని కాదు. గాజు పగిలిన స్టవ్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ వాడొద్దు. పొంగిన పాలు ఆ పగులు గుండా కరెంటు మీద పడతాయి.

వోల్టేజీ గొడవ అమెరికా వచ్చేవాళ్లకు వేరే రకం. ఇండియా స్టవ్ 230 వోల్టులది, ఇక్కడి మామూలు సాకెట్‌లో 120. పెట్టగానే తక్కువ వోల్టేజీ కోడ్ వస్తుంది, లేదా అసలు వెలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరి అనే సలహా విని డబ్బు పోగొట్టుకోకండి. 2000 వాట్లను 120తో భాగిస్తే దాదాపు 16.7 ఆంపియర్లు, సాకెట్ బ్రేకరేమో చాలాచోట్ల 15. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మంచిదైనా ఆ బ్రేకర్ పడిపోవచ్చు. ఇక్కడి 120 వోల్టుల 1800 వాట్ల స్టవ్ కొనుక్కోవడమే తేలిక. దానికీ 15 ఆంపియర్లు పూర్తిగా కావాలి కాబట్టి అదే లైను మీద మైక్రోవేవ్ వేయకండి. తేడా ఇలా తెలుస్తుంది: తెర మీద కోడ్ ఉంటే స్టవ్ తనంతట తాను ఆగింది, తెర మొత్తం చీకటైతే ముందు బ్రేకర్ చూసుకోండి. బ్రిటన్‌లో, దుబాయ్‌లో 230 వోల్టులే గనక ఇండియా స్టవ్ నడుస్తుంది, 2000 వాట్లకు 8.7 ఆంపియర్లు. ప్రయాణాల కోసం అమ్మే చవక అడాప్టర్ మీద 6 ఆంపియర్లని రాసి ఉంటే అది కరిగిపోతుంది. 13 ఆంపియర్లది తీసుకోండి, వండేటప్పుడు ప్లగ్గు వేడెక్కితే ఆపేయండి.

ఇంకో ప్రశ్న ఊళ్లో అమ్మానాన్నల గురించి వస్తుంది: "రొయ్యల గుంటల పక్క ఊరు, సాయంత్రమైతే అమ్మ స్టవ్ ఆగిపోతోంది, స్టెబిలైజర్ పంపాలా అక్కా?" ముందే పంపొద్దు. ప్లగ్గులో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి కొనిచ్చి, వీడియో కాల్‌లో చూపించమనండి. స్టవ్ వేయకముందు 195 ఉండి, 2000 వాట్లలో వేయగానే 165కు పడిందనుకోండి. స్టవ్ లాగే పన్నెండు ఆంపియర్లకే ముప్పై వోల్టులు తీగల్లో పోతున్నాయన్నమాట. అదే స్టవ్ 800 వాట్లలో పెడితే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, పడేది పదకొండు వోల్టులే, 184 దగ్గర నిలుస్తుంది. ఆ రాత్రికి అన్నం ఆలస్యంగానైనా ఉడుకుతుంది.

తర్వాత అసలు కారణం పట్టాలి. స్టవ్ పూర్తి పవర్‌లో నడుస్తుండగానే మీటర్ బోర్డు దగ్గరి సాకెట్‌లో కొలవమనండి. అక్కడ 190 పైన ఉండి వంటింట్లో 165 ఉంటే లోపం ఇంటి వైరింగులో, ఎక్కడో వదులైన జాయింటు. సాకెట్ చుట్టూ పసుపు రంగు, కాలిన వాసన కనిపిస్తాయి. అది నిప్పు అంటుకునే చోటు, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా అక్కడ స్టవ్ వేయొద్దని అమ్మకు చెప్పండి. రెండు చోట్లా ఒకేలా పడితే లోపం స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగలోనో, లైనులోనో ఉంటుంది. 1912కి ఫోన్ చేసి సర్వీసు నంబరు, సాయంత్రం ఎన్ని గంటలకు ఎంత వోల్టేజీ వచ్చిందో చెప్పి ఫిర్యాదు రాయించమనండి. ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో మాత్రం స్టవ్ పెట్టనివ్వకండి, ఆ చిన్న డబ్బా 2000 వాట్లు మోయలేదు.